చదువు లోను: మారటోరియం వడ్డీ ఎంతవుతుంది, ముందే కడితే ఎన్ని నెలలు తగ్గుతాయి

అందరికీ నమస్కారం. మన గుంటూరులో అప్పంటే నూటికి రూపాయా, రూపాయిన్నరా అనే లెక్కేసుకుంటాం కదా, చదువు లోనునీ అలాగే చూద్దాం. ఏడాదికి 10 శాతం వడ్డీ అంటే నెలకు నూటికి 83 పైసలు. వినడానికి చవకే. కానీ ఇందులో చాలామంది చూడని చోటు ఒకటుంది, అదే మారటోరియం, అంటే వాయిదాలు కట్టక్కర్లేని కాలం.

మా అక్క కొడుకు బీటెక్‌కి ఏడాదికి 2 లక్షల చొప్పున నాలుగేళ్ళలో 8 లక్షలు ఈ 10 శాతం వడ్డీకే తీసుకున్నాడు. చదువు నాలుగేళ్ళు, ఆ తర్వాత ఇంకో ఏడాది, మొత్తం ఐదేళ్ళు కట్టక్కర్లేదన్నారు. కట్టక్కర్లేదు అంటే వడ్డీ లేదనే అనుకున్నాడు వాడు. వడ్డీ మాత్రం బ్యాంకు డబ్బు విడుదల చేసిన రోజు నుంచే నడుస్తుంది. మొదటి 2 లక్షల మీద ఐదేళ్ళు, రెండో విడత మీద నాలుగేళ్ళు, తర్వాత మూడు, చివరిదాని మీద రెండేళ్ళు, అన్నీ కలిపితే 2 లక్షల 80 వేలు. ఇది బారువడ్డీ, అంటే ఇంతవరకు వడ్డీ మీద వడ్డీ పడలేదు. అసలు దెబ్బ ఐదేళ్ళు నిండిన రోజున తగులుతుంది, ఎందుకంటే ఆ రోజు ఈ 2.80 లక్షల్ని అసలులో కలిపేస్తారు, అప్పు 10 లక్షల 80 వేలు అయిపోతుంది, ఇక దాని మొత్తం మీదా వడ్డీనే. పదేళ్ళ గడువు పెడితే ఈఎమ్‌ఐ 14,272 రూపాయలు. అన్నీ కడితే 17 లక్షల 13 వేలు. తీసుకుంది 8 లక్షలు, వడ్డీ 9 లక్షల 13 వేలు.

అదే మారటోరియంలో వడ్డీ ఒక్కటీ నెలనెలా కట్టుంటే? మొదటి ఏడాది నెలకు 1,667 రూపాయలు, రెండో ఏడాది 3,333, మూడో ఏడాది 5,000, చివరి రెండేళ్ళు 6,667. అప్పుడు ఈఎమ్‌ఐ 8 లక్షల మీదే పడేది, 10,572. మొత్తం వడ్డీ 7 లక్షల 49 వేలు, అంటే 1 లక్షా 64 వేలు మిగిలేవి. ఐదేళ్ళూ కట్టడం అందరి వల్లా కాదు, నాకు తెలుసు. మొదటి రెండేళ్ళ వడ్డీ 60 వేలు కట్టగలిగినా, తర్వాత వాటి బదులు 95 వేలు కట్టే పని తప్పుతుంది. మారటోరియంలో వడ్డీ క్రమంగా కట్టేవాళ్ళకు ఒక శాతం తగ్గించే బ్యాంకులు కూడా ఉన్నాయి, సంతకం పెట్టేముందే అడగండి.

ఇక ముందే కట్టడం సంగతి. మావాడు ఉద్యోగంలో చేరి 12 ఈఎమ్‌ఐలు కట్టాక, చేతికొచ్చిన బోనస్‌లో లక్ష రూపాయలు లోనులో వేశాడు. అప్పటికి అసలు 10 లక్షల 14 వేలు ఉంది. లక్ష పోతే 9 లక్షల 14 వేలు. మర్నెల నుంచి ఈఎమ్‌ఐ 12,864కి తగ్గింది, వాడికి భలే సంతోషం. నేను స్టేట్‌మెంట్ తెమ్మని చూస్తే గడువు మాత్రం అలాగే ఉంది, ఇంకా 108 నెలలు! ఈ దారిలో వాడికి మిగిలేది సుమారు 52 వేలు. ఈఎమ్‌ఐ పాత 14,272 దగ్గరే ఉంచి గడువు తగ్గించమని బ్యాంకులో ఉత్తరం రాసి ఇప్పించాను. 108 నెలలు కాస్తా 92 అయ్యాయి. పదహారు నెలలు ముందే తీరిపోతుంది, వడ్డీలో 1 లక్షా 30 వేలు మిగులుతుంది. కట్టింది అదే లక్ష, అదే రోజున, మారింది బ్యాంకుకు మనం చెప్పిన మాట మాత్రమే.

అదే లక్షని ఎనిమిదేళ్ళు ఆగి, చివరి రెండేళ్ళు మిగిలినప్పుడు కడితే ఎంత మిగులుతుందో తెలుసా? 18 వేలు, అంతే. మొదటి ఈఎమ్‌ఐ 14,272లో వడ్డీకే 9,000 పోతుంది, అసలు తగ్గేది 5,272 మాత్రమే. మొదట్లోనే కట్టిన లక్ష మిగిలిన తొమ్మిదేళ్ళూ వడ్డీని ఆపుతూ ఉంటుంది. చివర్లో కట్టినదానికి ఆపడానికి వడ్డీయే పెద్దగా మిగలదు.

ఫ్లోటింగ్ వడ్డీ మీద తీసుకున్న చదువు లోనుకు ముందే కట్టినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు, ఆ టెన్షన్ వద్దు. ఫ్లోటింగ్ కాబట్టి నేను చెప్పిన అంకెలు రేటు మారినప్పుడల్లా మారతాయి. రేటు పెరిగితే చాలాసార్లు ఈఎమ్‌ఐ కదపకుండా గడువు పొడిగించేస్తారు, మనకు ఖాతాలో కట్ అయ్యే సొమ్ము అంతే కనిపిస్తుంది కాబట్టి తెలియదు. అందుకే అదనంగా కట్టిన ప్రతిసారీ, రేటు మారిన ప్రతిసారీ, కొత్త వాయిదాల పట్టిక అడిగి తీసుకోండి. అందులో చివరి వాయిదా తేదీ చూడండి. మీరు డబ్బు కట్టాక ఆ తేదీ ఇంకా దగ్గరికి రాలేదంటే మీ లక్ష ఈఎమ్‌ఐ తగ్గించడానికి పోయిందన్నమాట, ఆ వారంలోనే బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా అడగండి.