గ్యాపు దాస్తే అబద్ధమా? హనుమకొండ స్టూడియోలో రెజ్యూమె లొల్లి

(ఒక జాబ్ మేళాలో డేట్లు లేని రెజ్యూమెలను బల్ల మీద పక్కకు పెట్టేసిన వీడియో ఫోన్లలో తిరిగిన వారం జరిగిన చర్చ ఇది. కూర్చున్నది ముగ్గురు: కోచింగ్ సెంటర్ ట్రైనర్, అకౌంట్స్ ఉద్యోగాలకు మనుషులను చూసిపెట్టే రిక్రూటర్, ఉద్యోగం వెతుకుతున్న ఒక బీకాం అభ్యర్థి. ఇద్దరు ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంతే రాశాం.)

యాంకర్: నమస్కారం. సూటిగా అడుగుత. రెజ్యూమెల గ్యాపు దాసిపెట్టుడు అబద్ధమా, కాదా?

ట్రైనర్: అబద్ధం ఎట్లయితదమ్మా? దుకాణపాయన మంచి మామిడిపండ్లు ముందు పెడ్తడు. ఫంక్షనల్ రెజ్యూమె అంటే గదే. వచ్చిన పనులు పైన, కంపెనీల పేర్లు కింద, డేట్లు వద్దు. మా పిల్లలకు నేను గట్లనే...

రిక్రూటర్: ఆ వీడియోలో పక్కకు పోయినవి అవే సార్.

ట్రైనర్: నన్ను చెప్పనీయండి మేడమ్. పని చూడాలె గానీ డేట్లెందుకు?

యాంకర్: మేడమ్, మీరు చెప్పండి. అబద్ధమా, కాదా?

రిక్రూటర్: అబద్ధమా అన్నది తర్వాతండి. డేట్లు లేని కాయితం చేతికి రాంగనే నేను పని చూడను, ఏం దాచిండా అని వెతుకుత. రెండేండ్ల గ్యాపుంటే ఐదేండ్లు అనుకుంట. ఫంక్షనల్‌తో వచ్చే నష్టం అదే. ఈ తమ్మునిదే చూద్దాం, స్క్రీన్ మీద వేయండి.

అభ్యర్థి: 2018 జులై నుంచి 2020 మార్చి దాక ఎనుమాముల దగ్గర ఒక పత్తి వ్యాపారి కాడ లెక్కలు రాసిన, ట్యాలీల. లాక్‌డౌన్‌తోని పోయింది. 2020 నవంబర్ నుంచి ఐదు నెలలు హైదరాబాద్‌ల బిల్లింగ్ కాంట్రాక్టు. తర్వాత మే నుంచి ఆగస్టు దాక ఒక ట్యాక్స్ ఆఫీసుల. 2021 అక్టోబర్ నుంచి 2022 డిసెంబర్ దాక కాజీపేటల డిస్ట్రిబ్యూటర్ దగ్గర. ఆడికెళ్లి గ్రూప్-2.

యాంకర్: అంటే రెండేండ్లు ఖాళీ!

అభ్యర్థి: ఖాళీ ఏంది మేడమ్? 2022 డిసెంబర్‌ల నోటిఫికేషన్ వచ్చె, వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబర్‌ల పరీక్ష అయ్యె. నడుమ మూడు దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేసిన.

ట్రైనర్: గిదే! క్రొనలాజికల్‌ల, అంటే డేట్ల వరుసల పెడితే ముక్కలు ముక్కలు కనబడ్తది. ఐదు నెలలు, నాలుగు నెలలు. గోడ దూకెటోడు అనుకుంటరు. ఫంక్షనల్ పెట్టు తమ్మీ, కండ్లు మూసుకొని పెట్టు.

రిక్రూటర్: ముక్కలు కనబడతయన్నది నిజం, ఒప్పుకుంటున్న. అందుకే ఉత్త క్రొనలాజికల్ కూడా ఈయనకు వద్దంటున్న. హైబ్రిడ్...

ట్రైనర్: హైబ్రిడ్ అంటే రెండు పడవల మీద కాళ్లు.

రిక్రూటర్: ఒక్క నిమిషం. పైన మూడు నాలుగు పనులు రాయాలె, ఒక్కోదానికి రుజువుతోని. 'జీఎస్టీ తెలుసు' అంటే ఎవ్వరూ నమ్మరు. 'మూడు దుకాణాలకు నెలనెలా జీఎస్టీఆర్-1, 3బి వేసిన' అంటే నమ్ముతరు. దాని కింద ఉద్యోగాలు, చివరిది ముందు, నెల, సంవత్సరం వేసి. ఆ రెండు చిన్న పనులను విడివిడిగా పరచకుండ 'కాంట్రాక్టు పనులు, 2020 నవంబర్ – 2021 ఆగస్టు' అని ఒక్క తలకట్టు కిందికి తెచ్చి, లోపల ఇద్దరి పేర్లు, ఎవరి దగ్గర ఎన్ని నెలలో రాయాలె. దాచినట్టు కాదు, గోడ దూకినట్టూ కనబడదు.

యాంకర్: కలిపి రాసుడు కూడా దాసుడే కద మేడమ్?

రిక్రూటర్: నెలలు లోపల రాసే ఉన్నయి కదండి.

ట్రైనర్: మరి రెండేండ్ల గ్యాపు ఏం జేస్తరు? చెప్పండి, చెప్పండి!

రిక్రూటర్: ఒక్క వరుస. '2023 జనవరి – 2024 డిసెంబర్: గ్రూప్-2 ప్రిపరేషన్, దాంతోపాటు మూడు దుకాణాల జీఎస్టీ పని.' తెలంగాణలో అది అర్థం కాని రిక్రూటర్ ఎవరున్నరు? మా ఇంట్ల కూడా ఒకరున్నరు. సంజాయిషీ పేరా రాయొద్దు, ఎంత పొడుగు రాస్తే అంత అనుమానం.

ట్రైనర్: ఉత్త సంవత్సరాలు వేస్తే సరిపోయె. 2020–2021. నెలలెందుకు?

రిక్రూటర్: 2020–2021 అంటే రెండు నెలలూ కావచ్చు, రెండేండ్లూ కావచ్చు. ఆన్‌లైన్ ఫారంల నెల కూడా అడుగుతది. అక్కడ ఐదు నెలలు, ఇక్కడ రెండేండ్ల లెక్క. రెండూ పక్కపక్కన పెట్టిన్నాడు దొరికిపోతడు. పైగా పీఎఫ్ పట్టిన ఉద్యోగమైతే చేరిన తేదీ, మానేసిన తేదీ యూఏఎన్ సర్వీస్ హిస్టరీల ఉంటయి. వెరిఫికేషన్ చేసేటోళ్లు అదే అడుగుతరు.

అభ్యర్థి: బిల్లింగ్ కాడ నాకు పీఎఫ్ పట్టిన్రు మేడమ్. సార్ అది తీసెయ్యమన్నడు.

(ఇక్కడ స్టూడియోలో కాసేపు నిశ్శబ్దం. చర్చ మొత్తంలో నిశ్శబ్దం అదొక్కటే.)

ట్రైనర్: నేను... తీసెయ్యమనలే. కిందికి జరుపుమన్న. అయినా ఆ ఫొటో చూడండి, డిక్లరేషన్ చూడండి! తండ్రి పేరు, పెండ్లి పత్రిక లెక్క డిజైన్. ముందు అది మార్చాలె!

యాంకర్: అవును, ఫొటో ఉండాల్నా, వద్దా?

రిక్రూటర్: అడగకుంటే వద్దు. డిజైన్ మాట నిజమే. ఇది రెండు కాలమ్‌ల టెంప్లేటు. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇటువంటిదాన్ని తప్పుగ చదవచ్చు. పరీక్ష ఇంట్లనే చేసుకోవచ్చు. పీడీఎఫ్‌ల ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌ల పేస్ట్ చెయ్యాలె. చేసి చూపిస్త.

(ఆమె ఫోన్ స్క్రీన్ కెమెరాకు చూపించింది. 'కాజీపేట' పక్కన 'క్రికెట్' వచ్చింది, '2021 అక్టోబర్' హాబీల కిందికి పోయింది. అభ్యర్థి నవ్వలేదు.)

ట్రైనర్: సాఫ్ట్‌వేర్, సాఫ్ట్‌వేర్! వరంగల్‌ల ఏ దుకాణపు సేటు సాఫ్ట్‌వేర్ పెట్టిండు? తెలిసినోడు తీస్కపోయి చేతిల పెడితే పనులు పైన ఉన్న కాయితమే చదువుతడు. నా పిల్లలు గట్లనే కుదురుకున్నరు!

రిక్రూటర్: అది నిజం. ముఖాముఖి ఇచ్చే చోట ఫంక్షనల్ నడుస్తది, డేట్లు ఆయన నోటితోని అడుగుతడు. పోర్టల్‌ల వేసే చోట...

ట్రైనర్: నడుస్తది అన్నరు! విన్నరు కద, నడుస్తది అన్నరు!

రిక్రూటర్: ముఖాముఖి అన్న...

యాంకర్: అంటే సార్ చెప్పినట్టు ఫంక్షనల్ నడుస్తదన్న మాట. మరి గ్యాపు దాసుడు అబద్ధం కానట్టేనా?

రిక్రూటర్: నేను చెప్పింది అది కాదండి.

ట్రైనర్: మేడమే ఒప్పుకున్నరు! ముప్ఫై మందిల మనోని కాయితం ఆగాల్నంటే పైన మెరవాలె. పత్తి లారీకి టార్పాలిన్ ఎందుకు కప్పుతరు? లోపలున్నది తడవకుండ. డేట్లు కూడ గంతే.

యాంకర్: బాగ చెప్పిన్రు సార్.

అభ్యర్థి: మేడమ్, సార్, రేపు పది గంటలకు హనుమకొండల ఒక ఆడిటర్ ఆఫీసుల ఇంటర్వ్యూ ఉన్నది. ఆన్‌లైన్‌ల సార్ చెప్పినట్టు చేసిందే పంపిన, డేట్లు లేనిది. ఇప్పుడు చేతిల ఏది పట్టుకపోవాలె?

రిక్రూటర్: హైబ్రిడ్ తీసుకపో. ముందే చెప్పు, పంపిన దాంట్ల డేట్లు లేవు, ఇది పూర్తిది అని. బిల్లింగ్ ఉద్యోగం కూడా...

ట్రైనర్: తమ్మీ, వద్దు! పంపిందే పట్టుకపో, రెండు కాయితాలు జూపిస్తే...

యాంకర్: టైం అయిపోయింది, చిన్న బ్రేక్...

(బ్రేక్ తర్వాత వాతావరణం వార్తలు వచ్చాయి.)