బకెట్, గడియారం, కాటా

శ్రోతలకు నమస్కారం. హోటల్లో వృథాగా పోయే వేడిని బకెట్, గడియారం, కాటాతో ఎలా కొలవాలో, ఎలా తగ్గించాలో చెబుతాను.

హోటల్ వంటగదిలో గిన్నెలు తోమే చోట సింకు మీద ఒక స్ప్రే వేలాడుతుంటుంది. స్ప్రింగు చుట్టిన పొడవాటి గొట్టం, దాని చివర నొక్కితే నీళ్లు చిమ్మే పిడి ఉంటాయి. పళ్లెం మీద అంటుకున్నదంతా దీనితో కొట్టేశాకే పళ్లేన్ని మెషిన్‌లో పెడతారు. ఆ పిడికి ఒక చిన్న రింగు కూడా ఉంటుంది. రింగు తగిలిస్తే పిడి నొక్కినట్టే ఉండిపోతుంది, చెయ్యి తీసేసినా నీళ్లు పోతూనే ఉంటాయి. హోటళ్ల నిర్వహణ పనిలో చాలా ఏళ్లు గడిపాను. ఏ వంటగదిలోకి వెళ్లినా నా కళ్లు ముందు ఆ రింగునే వెతుకుతాయి.

ఎందుకంటే ఆ గొట్టంలో వచ్చేది వేడినీళ్లు. చన్నీళ్లు పోతే నీళ్లే పోతాయి. వేడినీళ్లు పోతే నీళ్లతో పాటు వాటిని కాచిన కరెంటు కూడా పోతుంది, గ్యాసుతో కాస్తే గ్యాసు పోతుంది.

ఇంకేదీ గుర్తు లేకపోయినా ఈ ఒక్క లెక్క గుర్తుపెట్టుకోండి. ఎన్ని లీటర్ల నీళ్లు కాచామో చూడండి. ఎన్ని డిగ్రీలు వేడెక్కించామో చూడండి. రెండింటినీ గుణించి 860తో భాగించండి. వచ్చిన అంకె యూనిట్లు, కరెంటు బిల్లులో కనిపించే యూనిట్లే. మళ్లీ చెబుతాను. లీటర్లను డిగ్రీలతో గుణించాలి, 860తో భాగించాలి. గ్యాసుతో కాచేవారికి కూడా వేడి లెక్క ఇదే. కాకపోతే బాయిలర్‌లో కొంత వేడి పొగగొట్టంలో పోతుంది కాబట్టి అసలు ఖర్చు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు సింకు దగ్గరికే వద్దాం. ఒక హోటల్లో నేను చేసింది చేసినట్టు చెబుతాను. 10 లీటర్ల గుర్తు ఉన్న బకెట్ తెచ్చి స్ప్రే కింద పెట్టి, పిడి నొక్కి గడియారం చూశాను. 50 సెకన్లలో నిండింది. అంటే నిమిషానికి 12 లీటర్లు. తరువాత కష్టమైన భాగం ఉంది. స్ప్రే రోజుకు ఎంతసేపు పనిచేస్తుందని అడిగితే ఒకరు అయిదు గంటలన్నారు, ఇంకొకరు గంటే అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పని చేసేవాళ్లకు అది లెక్కపెట్టే తీరిక ఎక్కడుంది? అందుకే మూడు పూటలూ అక్కడే ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. పిడి నొక్కిన ప్రతిసారీ గడియారం నడిపాను, వదిలినప్పుడల్లా ఆపాను. అన్నీ కలిపితే రోజుకు సరిగ్గా రెండు గంటలు తేలింది.

నిమిషానికి 12 లీటర్లు, 120 నిమిషాలు, మొత్తం 1,440 లీటర్లు.

దాని బదులు నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే స్ప్రే తల బిగించాం. ఇలాంటివి కొత్తేమీ కాదు. ఈ రకం స్ప్రేలు నిమిషానికి సుమారు 6 లీటర్లకు మించి ఇవ్వకూడదనే చట్టం అమెరికాలో 2006లోనే అమల్లోకి వచ్చింది. నీళ్లు తగ్గినా రంధ్రాల అమరిక వల్ల ధార గట్టిగా తగులుతుంది. అయినా పళ్లెం మీద కాస్త ఎక్కువసేపు పట్టాల్సి వస్తుంది, ఆ మాట దాచకూడదు. మళ్లీ స్టూలు వేసుకుని కూర్చుంటే 120 నిమిషాలు కాస్తా 138 అయ్యాయి. 138 నిమిషాలకు నిమిషానికి 5 లీటర్ల చొప్పున 690 లీటర్లు. మునుపు 1,440, ఇప్పుడు 690. రోజుకు 750 లీటర్లు మిగిలాయి.

ట్యాంకులో నీళ్లు 25 డిగ్రీలు, స్ప్రేలో వచ్చేవి 50. అంటే 25 డిగ్రీలు వేడెక్కిస్తున్నాం. 750ని 25తో గుణించి 860తో భాగిస్తే దాదాపు 22. రోజుకు 22 యూనిట్లు, నెలకు 650 యూనిట్ల పైమాటే. చేతిలో పట్టే ఒక్క స్ప్రే తలతో!

ఇక పెట్టిన ఖర్చు ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? నేను డబ్బులో చెప్పను. ఊరూరికీ ధరలు వేరు, ఏడాది తిరిగితే అవీ మారతాయి. మీరు కొనబోయే వస్తువు ధరను మీ కరెంటు యూనిట్ ధరతో భాగించండి, ఆ వస్తువు ఎన్ని యూనిట్ల విలువో తెలుస్తుంది. ఒక స్ప్రే తల 800 యూనిట్ల విలువ అనుకుందాం. రోజుకు 22 యూనిట్లు మిగులుతుంటే 36, 37 రోజుల్లో పెట్టుబడి చేతికొస్తుంది. నీళ్లు కొనుక్కునే చోట ఇంకా ముందే వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ హోటల్లో నీళ్లు కాచేది మామూలు హీటర్ కాకుండా, చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఇచ్చే హీట్ పంప్ అయితే, అది ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. అప్పుడు రోజుకు మిగిలేది 22 కాదు, ఏడు చిల్లర. అదే స్ప్రేకి 37 రోజుల బదులు దాదాపు 110 రోజులు పడుతుంది. అప్పటికీ మంచి బేరమే. కానీ స్ప్రేకీ హీట్ పంప్‌కీ రెండింటికీ పాత లెక్కనే చూపించి, ఒకే ఆదాను రెండుసార్లు రాసుకున్న కాగితాలు నేను చూశాను. ముందు నీళ్ల వాడకం తగ్గించండి, తగ్గిన వాడకానికి సరిపడా హీట్ పంప్ కొనండి. చిన్నది సరిపోతుంది.

చెడిపోయిన సంగతి కూడా చెప్పాలి. ఇంకో హోటల్లో మరీ పొదుపుగా ఉండే స్ప్రే తల తెచ్చి పెట్టారు. వంట జోరుగా సాగే వేళ పైపుల్లో ఒత్తిడి పడిపోయి, ధార పళ్లేన్ని తడపడమే తప్ప మురికిని కొట్టలేకపోయేది. వారం తిరక్కుండా స్ప్రే తల మాయమైంది. సింకు కింద ఒక గుడ్డలో చుట్టి ఉన్న దాన్ని నేనే చూశాను. గొట్టం మాత్రం నోరు తెరుచుకుని ధారగా పోస్తోంది, మునుపటి కంటే ఎక్కువ. తప్పు ఆ కుర్రాళ్లది కాదు. పళ్లేలు గుట్టగా పేరుకుపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. అందుకే కొనే ముందు ఒక్క స్ప్రే తలను రద్దీ వేళలో, ఎండిపోయిన పళ్లెం మీద, తోమేవాళ్ల చేతే ప్రయత్నింపజేయండి. వాళ్లు సరేనంటేనే మిగతావి కొనండి. ఆ రింగు మాత్రం ఆ రోజే తీసేయండి, దానికి ఖర్చేమీ లేదు.

బకెట్, గడియారం అయ్యాయి. మిగిలింది కాటా. దాన్ని లాండ్రీకి తీసుకెళ్దాం.

లాండ్రీలో అందరి చూపూ వాషింగ్ మెషిన్ మీదే ఉంటుంది. కానీ వేడి ఎక్కువగా తినేది డ్రయర్. బట్టలో మిగిలిన తడిని ఆవిరి చేసి పంపడమే దాని పని. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి డ్రయర్‌కు దాదాపు ఒక యూనిట్ పడుతుంది. అదే కిలో నీటిని వాషింగ్ మెషిన్ చివర్లో గిర్రున తిప్పి పిండేస్తే అయ్యే ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి డ్రయర్‌లోకి వెళ్లే బట్టలో ఎంత తడి ఉందో, అదే చూడాలి.

పొడి టవళ్లు 40 కిలోలు తూచి మెషిన్‌లో వేయించాను. ఉతుకు అయ్యాక డ్రయర్‌లోకి వెళ్లే ముందు మళ్లీ తూచాను. 72 కిలోలు! అంటే 32 కిలోల నీళ్లు టవళ్లలోనే ఉన్నాయి. ముట్టుకుంటే పిండినట్టే అనిపించాయి. చేతికి తెలియనిది కాటాకు తెలిసింది.

కారణం వెతికితే రెండు దొరికాయి. ఎప్పుడో పని తొందరగా తెమలాలని ఎవరో చివరి స్పిన్ సమయాన్ని తగ్గించేశారు. డ్రెయిన్ వాల్వ్ దగ్గర నూగు పేరుకుని, తిరిగేటప్పుడు నీళ్లు పూర్తిగా బయటికి పోవడం లేదు. వాల్వ్ శుభ్రం చేసి, స్పిన్‌ను మూడు నిమిషాలు పెంచాం. మళ్లీ తూస్తే 62 కిలోలు. విడతకు 10 కిలోల నీళ్లు తగ్గాయి, అంటే 10 యూనిట్లు. మూడు నిమిషాల అదనపు స్పిన్‌కు అయ్యింది యూనిట్‌లో అయిదో వంతు. రోజుకు 8 విడతలు, 80 యూనిట్లు. డ్రయర్ 45 నిమిషాల బదులు 30 నిమిషాలు దాటగానే ఆగుతోంది. సాయంత్రం షిఫ్టు వాళ్లు ఇంటికి త్వరగా వెళ్లారు, ఆ సంగతే నాకు ఎక్కువ సంతోషం కలిగించింది.

అన్ని మెషిన్లూ ఇలా మాట వినవు. నెమ్మదిగా తిరిగే రకం మెషిన్‌లో స్పిన్ ఎంతసేపు పెంచినా ఒక హద్దు దాటి నీళ్లు రావు. మెషిన్‌లో ఒకటి రెండు బరువైన బట్టలే వేస్తే బరువంతా ఒక పక్కకు చేరుతుంది. అప్పుడు కొన్ని మెషిన్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. పాలిస్టర్ కలిసిన దుప్పట్లను ఎక్కువగా పిండితే ముడతలు పడి ఇస్త్రీ పని పెరుగుతుంది. కాబట్టి పెంచిన స్పిన్ టవళ్లకే పెట్టండి.

వేగంగా పిండే మెషిన్ కోసమే పాతదాన్ని మార్చమని నేను చెప్పను. కానీ పాతది ఎలాగూ మార్చాల్సి వస్తే, రెండు రకాల మధ్య ధర తేడాను మాత్రం లెక్కలోకి తీసుకోండి. ఆ తేడా 30,000 యూనిట్ల విలువ అనుకుందాం. నెలకు 2,400 యూనిట్లు మిగిలితే 12 నెలల పైచిలుకులో తిరిగొస్తుంది. అయితే ఇది హోటల్ ఏడాదంతా నిండి ఉంటేనే. ఏడాదిలో ఆరు నెలలు సగం గదులే నిండితే నెలసరి ఆదా సగటున 1,800 యూనిట్లే, వ్యవధి దాదాపు 17 నెలలకు పోతుంది. ఒకసారి నేను రద్దీ నెల అంకెలతో లెక్క కట్టి యజమానికి ఇచ్చాను. ఆయన ఏడాది చివర్లో ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. ఆ రోజు నుంచి పన్నెండు నెలల గదుల లెక్క చూడకుండా నేను ఒక్క అంకె కూడా ఇవ్వలేదు.

కొలిచిన అంకెలను తేదీతో సహా స్ప్రే దగ్గర, మెషిన్ దగ్గర గోడ మీదే రాసి పెట్టండి. మూడు నెలలకు ఒకసారి మళ్లీ కొలవండి. 10 లీటర్ల బకెట్ రెండు నిమిషాలకు నిండాలి. నిమిషంలోనే నిండితే స్ప్రే తల మార్చేశారన్నమాట. మూడు నిమిషాలు పడితే రంధ్రాల్లో సున్నం కట్టిందన్నమాట, వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే వదులుతుంది. టవళ్లు మళ్లీ 70 కిలోలకు చేరితే ముందు డ్రెయిన్ వాల్వ్ విప్పి చూడండి.