ప్యానిక్ వర్క్‌బుక్‌లో అంచనా గడి: శరీర సంవేదనల అభ్యాసాలను క్లినిక్‌లో నడిపే పద్ధతి

సభలోని మనోవైద్యులకు, క్లినికల్ సైకాలజిస్టులకు, శిక్షణలో ఉన్న విద్యార్థులకు నమస్కారం.

ప్యానిక్ డిజార్డర్‌కు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ చేసేటప్పుడు రోగి చేతికిచ్చే వర్క్‌బుక్‌లో చాలా అధ్యాయాలుంటాయి. వాటన్నిటి జోలికీ నేను ఈరోజు వెళ్లను. దడ, ఆయాసం, తల తిరగడం వంటి సంవేదనలను క్లినిక్‌లోనే కావాలని రప్పించి, వాటిని ఆపే ప్రయత్నమేదీ చేయకుండా రోగి కొంతసేపు వాటితో ఉండేలా చూసే అభ్యాసాలను ఇంటెరోసెప్టివ్ ఎక్స్‌పోజర్ అంటాము. ఆ అభ్యాసాలను నమోదు చేసే ఒక్క పేజీ గురించి మాత్రమే మాట్లాడతాను. వర్క్‌బుక్‌లో ఎక్కువగా ఖాళీగా మిగిలిపోయే పేజీ అదేనని నా అభిప్రాయం. భయపడుతున్న మనిషిని మరింత భయపెట్టడానికి మనకు మనసొప్పదు. అందుకే శ్వాస వ్యాయామం దగ్గరా, కండరాలను సడలించడం దగ్గరా ఆగిపోతాము. కానీ 2018లో 72 అధ్యయనాలను కలిపి, ఈ చికిత్సలోని ఏ భాగం ఎంత పనిచేస్తోందో విడదీసి చూసిన విశ్లేషణలో, ఈ అభ్యాసాలున్న చికిత్సలే మెరుగైన ఫలితాలనిచ్చాయి. కండరాల సడలింపు చేర్చిన చికిత్సలలో ఫలితం తగ్గింది.

దీనికి కారణం ప్యానిక్ ఏర్పడే తీరులోనే ఉంది. డేవిడ్ క్లార్క్ 1986లో వివరించిన నమూనా ప్రకారం, శరీరంలో కలిగిన మామూలు మార్పును రోగి ముంచుకొస్తున్న ప్రమాదంగా అర్థం చేసుకుంటాడు. ఆ అర్థం వల్ల భయం పెరుగుతుంది, భయం వల్ల ఆ మార్పు ఇంకా పెరుగుతుంది, పెరిగిన మార్పు తన అనుమానానికి సాక్ష్యంలా కనిపిస్తుంది. మన దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఈ మాటలతో రారు. గ్యాస్ గుండెకు పట్టిందనో, బీపీ పడిపోతోందనో, ఊపిరాడక ప్రాణం పోతుందేమోననో చెప్తారు. వర్క్‌బుక్‌లో మనం రాయించవలసింది కూడా ఆ మాటలనే. రోగి నోట వచ్చిన భయాన్ని మనం శుద్ధి చేసి రాస్తే, ఆ తరువాత దాన్ని పరీక్షించడానికి వీలుండదు.

అభ్యాసాలకు ముందు ఒక షరతు ఉంది. గుండె జబ్బు, మూర్ఛ, అదుపులో లేని ఉబ్బసం, ఊపిరితిత్తుల దీర్ఘకాలిక వ్యాధి, గర్భం, మెడ లేదా నడుము సమస్య ఉన్నవారికి వైద్యుడి అనుమతి లేకుండా వీటిలో ఏదీ చేయించకూడదు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు, ఈసీజీ చూసుకోవాలి. అయితే ఈ పరీక్షలు చికిత్సకు ముందు ఒకసారి జరిగి ముగిసిపోవాలి. ప్రతి రెండు వారాలకూ ఈసీజీ తీయించుకోవడం పరీక్ష కాదు, వ్యాధిలో భాగం.

ఇక పేజీ సంగతి. మొదటి సెషన్‌లో రోగితో కొన్ని చిన్న పనులు వరుసగా చేయిస్తాము. తలను అటూ ఇటూ 30 సెకన్లు ఊపడం, ఉన్నచోటే 1 నిమిషం పరుగెత్తడం, తిరిగే కుర్చీలో 1 నిమిషం తిరగడం, 30 సెకన్లు ఊపిరి బిగబట్టడం, ముక్కు మూసుకుని సన్నని స్ట్రా గుండా 2 నిమిషాలు గాలి పీల్చడం, నిలబడి నోటితో 1 నిమిషం వేగంగా, లోతుగా శ్వాస తీయడం సాధారణంగా చేయించేవి. ప్రతి పనినీ ముందు చికిత్సకుడు తానే చేసి చూపించాలి. పని ముగిశాక రోగి మూడు అంకెలు వేస్తాడు: సంవేదన ఎంత బలంగా ఉంది, భయం ఎంత కలిగింది, తనకు వచ్చే ప్యానిక్‌తో అది ఎంత పోలి ఉంది. మూడూ 0 నుంచి 10 వరకు ఉండే కొలతలే. వీటిలో మూడో అంకె ఎక్కువగా వచ్చిన పనులే చికిత్సకు పనికొస్తాయి. కుర్చీలో తిరిగితే కళ్లు తిరగడం ఎవరికైనా సహజం. ఆ రోగి అసలు భయం దడ గురించే అయితే కుర్చీ వల్ల ఉపయోగం లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, తరచూ కనిపించే వివరాలను కూర్చి తయారు చేసిన కేసు. ఆమెకు 36 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఎనిమిది నెలలుగా ప్యానిక్ వస్తోంది, గుండె పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నాయి. మెట్లు ఎక్కడం మానేసింది, కాఫీ మానేసింది, బస్సు మానేసి భర్త బండి మీదే వెళ్తోంది. హ్యాండ్‌బ్యాగులో నీళ్ల సీసా, ఒక అల్‌ప్రజోలామ్ మాత్ర ఎప్పుడూ ఉంటాయి. మొదటి సెషన్‌లో తల ఊపినప్పుడు పోలిక 2 వచ్చింది, కుర్చీకి కూడా 2 వచ్చింది. పరుగుకు భయం 5, పోలిక 6. వేగంగా శ్వాస తీయడానికి భయం 8, పోలిక 8. అందువల్ల తల ఊపడాన్నీ, కుర్చీనీ వదిలేసి, భయం తక్కువగా ఉన్న పరుగుతో మొదలుపెట్టి, ఆపైన శ్వాసకు వెళ్లాలని నిర్ణయించుకున్నాం.

అభ్యాసం మొదలుపెట్టే ముందు నింపవలసిన గడి ఒకటుంది. నా దృష్టిలో పేజీ మొత్తానికీ ప్రాణం ఆ గడిలోనే ఉంది. ఏం జరుగుతుందని అనుకుంటున్నారు, ఎంతసేపట్లో జరుగుతుంది, ఆ మాటను నూటికి ఎంత నమ్ముతున్నారు అన్నవి అందులో రాయాలి. ఆమె మొదట "చాలా భయమేస్తుంది" అని రాసింది. ఇది అంచనా కాదు, ఎందుకంటే అది జరిగి తీరుతుంది, జరిగినందువల్ల ఆమె నేర్చుకునేదేమీ ఉండదు. కాస్త ఓపిగ్గా అడిగితే అసలు మాట వచ్చింది: "నిమిషం పరుగెత్తితే దడ ఆగదు, ఆ తరువాత రెండు నిమిషాల్లో ఛాతీలో నొప్పి వచ్చి కుప్పకూలిపోతాను." నమ్మకం 70 శాతం. ఇప్పుడు దీన్ని గడియారం పెట్టి పరీక్షించవచ్చు.

మొదటిసారి పరుగెత్తినప్పుడు ఆమె కుప్పకూలలేదు, కానీ నమ్మకం 65 దగ్గరే ఆగిపోయింది. ఇలా జరిగినప్పుడు అభ్యాసం విఫలమైందని అనుకోకుండా, రోగి చేతులు ఎక్కడున్నాయో చూడాలి. ఆమె ఎడమ చేయి గోడను ఆనుకుని ఉంది. పరుగు ముగిసిన వెంటనే కుడి చేతి వేళ్లు నాడి మీదికి వెళ్లాయి. హ్యాండ్‌బ్యాగు కాళ్ల దగ్గరే ఉంది. ఏమీ జరగకపోవడానికి కారణం గోడ, నాడి చూసుకోవడం, దగ్గరున్న మాత్ర అని ఆమె మనసు లెక్క కట్టుకుంది. వీటిని రక్షణ అలవాట్లంటాము. వర్క్‌బుక్‌లో వీటికి వేరే గడి ఉండాలి, ప్రతి ప్రయత్నం తరువాతా నింపాలి. రెండోసారి బ్యాగును బయట గదిలో ఉంచి, గోడకు దూరంగా, చేతులు వదిలేసి పరుగెత్తమన్నాం. నమ్మకం 40కి తగ్గింది. మూడోసారి ఆగిన వెంటనే కూర్చోకుండా అక్కడే నిలబడమంటే 20కి వచ్చింది. ఏమీ తెలియనట్టుండే ఈ చిన్న కదలికలను గమనించడంలోనే చికిత్సకుడి నైపుణ్యం ఉంది.

తరువాతి వారం శ్వాస అభ్యాసం చేశాం. రెండు సెకన్లకు ఒక శ్వాస చొప్పున నోటితో బలంగా తీసి వదలాలి. ఇలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడులోని రక్తనాళాలు కొంత సన్నబడతాయి, రక్తం కాస్త క్షారగుణం వైపు జరుగుతుంది. తల తేలిపోయినట్టు ఉండడం, పెదవుల్లో, వేళ్ల కొసల్లో తిమ్మిరి పట్టడం అందుకే. స్పృహ తప్పడానికి సాధారణంగా రక్తపోటు పడిపోవాలి, ప్యానిక్‌లో మాత్రం అది సాధారణంగా పెరుగుతుంది. రక్తాన్నో సూదినో చూసి పడిపోయే అలవాటున్నవారి సంగతి వేరు, వారిని ముందే అడిగి తెలుసుకోవాలి. ఈ శరీర ధర్మమంతా ఆమెకు అభ్యాసం అయ్యాకే చెప్పాం. ముందే చెబితే అదొక భరోసాగా మారి, పరీక్ష పదును పోతుంది.

ఆమె అంచనా: "నిమిషం లోపే స్పృహ తప్పి పడిపోతాను", నమ్మకం 80. నాలుగు సార్లు చేసింది. భయం అంకెలు 8, 8, 7, 6గా నమోదయ్యాయి. నమ్మకం మాత్రం 80 నుంచి 55కి, 35కి, 25కి దిగింది. ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడమని నేను మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. భయం సెషన్‌లోనే తగ్గి తీరాలని మనలో చాలామంది నేర్చుకున్నాం. అది తగ్గకపోతే సెషన్ పాడైందని బాధపడతాము, రోగిని శాంతపరచడానికి పొట్టతో శ్వాస తీయిస్తాము. మిషెల్ క్రాస్క్, ఆమె సహచరులు 2014లో ప్రతిపాదించిన పద్ధతిలో చూడవలసింది భయం తగ్గిందా అని కాదు, అనుకున్నది జరిగిందా అని. భయంతోనే ఉండి కూడా పడిపోలేదన్న సంగతి రోగి తెలుసుకుంటే ఆ సెషన్ తన పని చేసినట్టే. అభ్యాసం మధ్యలో నెమ్మది శ్వాస చేర్చితే, దానివల్లే బతికాననే కొత్త రక్షణ అలవాటును మన చేతులతో మనమే నేర్పినవాళ్లమవుతాం.

అభ్యాసాన్ని ఎక్కడ ఆపాలన్నదానిలో కూడా పొరపాటు జరుగుతుంది. సంవేదన మొదలైన క్షణమే ఆపేస్తే, ఇంకొంచెం చేస్తే ఏమయ్యేదో అన్న అనుమానం మిగిలిపోతుంది. అది మొదలైన తరువాత కనీసం 30 సెకన్లు కొనసాగించాలి. దానికోసం ఒకటిన్నర నిమిషం పట్టినా ఫరవాలేదు. స్ట్రా అభ్యాసంలో ఆమె 40 సెకన్లకే స్ట్రా తీసేసింది. గట్టిగా బలవంతపెట్టకుండా, 60 సెకన్లకు ఏం జరుగుతుందని అనుకుంటున్నారో రాయించి, మళ్లీ చేయించాం.

ఆ తరువాత క్లినిక్ గదిని వదలాలి. చికిత్సకుడు పక్కన ఉండడం కూడా ఒక రక్షణే కనుక, అవే పనులను ఆమె ఇంట్లో ఒంటరిగా రోజూ చేసి, అదే పేజీలో రాసుకుంది. ఆపైన మూడంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కడం, చిక్కటి కాఫీ తాగి బ్యాంకుకు వెళ్లడం, మధ్యాహ్నపు ఎండలో కిక్కిరిసిన బస్సులో నిలబడి ప్రయాణించడం. ఆఖరిది కాఫీ తాగిన రోజే, భర్త ఊళ్లో లేనప్పుడు చేసింది. భయపడే సంవేదనలను విడివిడిగా చేశాక ఇలా ఒకేసారి కలిపి చేయించడం అవసరం, ఎందుకంటే నిజజీవితంలో అవి కలిసే వస్తాయి.

బ్యాగులోని మాత్ర సంగతి చివర తేల్చాం. దాన్ని ఎప్పుడో ఒకసారి వేసుకునేది, కానీ ఎప్పుడూ మోసేది. ముందు బ్యాగును ఆఫీసు లాకరులో పెట్టి మెట్లెక్కింది, తరువాత మాత్రను ఇంట్లోనే వదిలి బస్సెక్కింది. ఇలాంటి మాత్రను రోజూ వేసుకునేవారి విషయంలో ఈ నిర్ణయం మనది కాదు. ఉన్నపళంగా మానితే వచ్చే దడ, వణుకు ప్యానిక్‌లాగే ఉంటాయి, ఫిట్స్ ప్రమాదం కూడా ఉంది. కనుక మోతాదు తగ్గింపును మందు రాసిన వైద్యుడే వారాల తరబడి నడపాలి. ఆ తగ్గింపులో వచ్చే సంవేదనలను కూడా ఇదే పేజీలో అంచనా గడితో సహా రాయించవచ్చు. ప్రతి మోతాదు తగ్గించిన వారంలో ఆ పేజీని వైద్యుడికి చూపించే ఏర్పాటు ముందే చేసుకోండి.