నాపబండల అంతస్తుకు అన్నిటికన్నా తేలికైన గర్డర్ ఏది? నాలుగు సెక్షన్ల సమీక్ష

ప్రేక్షకులకు నమస్కారం. కడపలో ఒక బట్టల దుకాణానికి వేసే మొదటి అంతస్తును ఉదాహరణగా తీసుకొని, స్టీల్ టేబుల్‌లో ఉన్న నాలుగు ప్రామాణిక బీమ్ సెక్షన్లను ఈ వీడియోలో పక్కపక్కన పెట్టి పరిశీలిస్తున్నాను. అవి ఎల్.బి. 250, ఎం.బి. 225, ఎల్.బి. 275, ఎం.బి. 250. ఎల్.బి. అంటే లైట్ బీమ్, ఎం.బి. అంటే మీడియం బీమ్, పక్కనున్న అంకె మిల్లీమీటర్లలో బీమ్ ఎత్తు. వీటిలో సురక్షితంగా నిలబడే వాటిలో మీటరుకు తక్కువ బరువు తూగేది ఏదన్నదే ప్రశ్న, ఎందుకంటే గర్డర్లను మనం కిలోల లెక్కన కొంటాము, మీటర్ల లెక్కన కాదు.

మన ప్రాంతంలో ఇలాంటి అంతస్తును ఎలా కడతారో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎదురెదురు గోడల మీద గర్డర్లను ఆనించి, వాటి మధ్య నాపబండలను పరచి, పైన కాంక్రీటు వేసి, ఆపై నేల పూర్తిచేస్తారు. ఈ దుకాణంలో గర్డర్ ఆనుకునే చోట్ల మధ్యల మధ్య దూరం 6 మీటర్లు, గర్డరుకూ గర్డరుకూ మధ్య 1.2 మీటర్లు. గది పొడవు 13.2 మీటర్లు కాబట్టి గోడలను మినహాయిస్తే 10 గర్డర్లు పడతాయి.

ముందుగా బరువులు చూద్దాము. 75 మిల్లీమీటర్ల నాపబండ చదరపు మీటరుకు దాదాపు 1.95 కిలోన్యూటన్లు, దాని మీది 50 మిల్లీమీటర్ల కాంక్రీటు 1.2, నేల పూతకూ పలుచని బండకూ కలిపి 0.85 అనుకుంటే స్థిరభారం 4 అవుతుంది. మనుషులు, సరుకుల వల్ల పడే బరువును లైవ్ లోడ్ అంటారు. కట్టడాల మీది బరువులను చెప్పే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండో భాగం ప్రకారం చిల్లర దుకాణాలకు అది కూడా 4 కిలోన్యూటన్లే. మొత్తం 8ని 1.2 మీటర్లతో గుణిస్తే ఒక్కో గర్డర్ మీద మీటరుకు 9.6 పడుతుంది. గర్డర్ స్వంత బరువు ఇంకా తెలియదు కనుక 0.4 కలిపి 10 కిలోన్యూటన్లుగా పట్టుకుందాము. మీటరుకు 40 కిలోల లోపు సెక్షన్ వచ్చినంతవరకు ఈ ఊహ సరిపోతుంది, అంతకు మించితే వెనక్కి వచ్చి మళ్ళీ లెక్క కట్టాలి.

రెండు కొసలా ఆనుకొని, పొడవునా సమానంగా బరువు మోసే బీమ్‌కు దానిని వంచే బెండింగ్ మూమెంట్ ఎంతో, దానికి ఎంత సెక్షన్ మాడ్యులస్ కావాలో ఇప్పుడు తెరమీద చూడండి.

```
M = wL²/8 = 10 × 6² / 8 = 45 kN·m
Z = M/σ = 45×10⁶ / 165 = 272,700 mm³ ≈ 273 cm³
```

ఇక్కడి 165 ఎక్కడిదో చెప్పాలి. మామూలు ఇ250 ఉక్కు యీల్డ్ స్ట్రెస్ 250 మెగాపాస్కల్‌లు, వంగే బీమ్‌కు అందులో 0.66 వంతు వరకు అనుమతి ఉంది. ఆ అనుమతికి ఒక షరతు ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను. వంపును తట్టుకునే బలాన్ని చూపే కొలతే సెక్షన్ మాడ్యులస్, మనకు అది 273 ఘన సెంటీమీటర్లు కావాలని తేలింది.

ఇప్పుడు టేబుల్ తెరుద్దాము. చాలామంది ఎం.బి. పేజీని మాత్రమే తీసి, పైనుండి కిందికి వస్తూ మొదట సరిపోయిన దగ్గర ఆగిపోతారు. ఎం.బి. 200కు 223.5 మాత్రమే ఉంది, చాలదు. ఎం.బి. 225కు 305.9 ఉంది, మీటరుకు 31.2 కిలోలు, కాబట్టి ఇదే ఖాయమని అనుకుంటారు. పక్క పేజీలో ఎల్.బి. 250కు 297.4 ఉందని, అది మీటరుకు 27.9 కిలోలే తూగుతుందని గమనించరు. ఎత్తు ఎక్కువ ఉన్నది బరువు కూడా ఎక్కువ ఉంటుందన్న అభిప్రాయమే ఇక్కడ దారి తప్పిస్తుంది. నిజానికి మాడ్యులస్‌ను పెంచేది ఉక్కు ఎంత ఉందన్నదానికన్నా అది నడిమి గీత నుండి ఎంత దూరంలో ఉందన్నదే. బీమ్ నడుమ నిలువుగా ఉండే పలక వెబ్, పైనా కిందా అడ్డంగా ఉండే పలకలు ఫ్లాంజ్‌లు. సన్నని వెబ్, పలుచని ఫ్లాంజ్‌లతో ఎత్తుగా ఉన్న సెక్షన్, తక్కువ ఉక్కుతో ఎక్కువ మాడ్యులస్ ఇస్తుంది. వెడల్పు ఫ్లాంజ్‌ల వరుసలోని డబ్ల్యు.బి. 225ను చూసినా ఇదే కనబడుతుంది. దాని బరువు 33.9 కిలోలు, మాడ్యులస్ 348.5. ఎల్.బి. 275 బరువు 33 కిలోలే, మాడ్యులస్ మాత్రం 392.4. అందుకే అన్ని వరుసలనూ కలిపి మాడ్యులస్ క్రమంలో పేర్చిన పట్టికను దగ్గర పెట్టుకోవాలి. 273 దాటిన సెక్షన్లన్నిటి మీదుగా బరువు గడిని చదువుకుంటూ పోయి, అన్నిటికన్నా తక్కువ ఉన్నదానికి వేలు పెట్టాలి. ఆ పద్ధతిలో మొదటి పరీక్షలో ఎల్.బి. 250 గెలిచింది, దానిలో స్ట్రెస్ 151 దగ్గర ఆగుతుంది.

చాలా వీడియోలు ఇక్కడే ముగుస్తాయి. కానీ బలం ఉన్న బీమ్ కుంగకుండా ఉంటుందన్న హామీ ఏదీ లేదు. కుంగుదల మాడ్యులస్ మీద కాక, సెక్షన్ బిగువును చూపే మూమెంట్ ఆఫ్ ఇనర్షియా మీద ఆధారపడుతుంది, దాని సూత్రంలో పొడవు నాలుగో ఘాతంలో వస్తుంది. 4 మీటర్ల గదిలో ఎవరికీ పట్టని ఈ విషయం, 6 మీటర్ల దగ్గర సెక్షన్‌నే మార్పిస్తుంది.

```
δ = 5wL⁴ / (384EI)
E = 2×10⁵ N/mm²,  I = 3717.8×10⁴ mm⁴
δ = 22.7 mm
```

ఎల్.బి. 250 నడుమన దాదాపు 23 మిల్లీమీటర్లు దిగుతుంది. ఉక్కు కట్టడాల పాత కోడ్, 1984 నాటి ఐ.ఎస్. 800, కుంగుదల సాధారణంగా పొడవులో 325వ వంతు దాటవద్దని చెప్పేది. అంటే 6000ను 325తో భాగించగా 18.5 మిల్లీమీటర్లు. ఈ హద్దులో ఉండాలంటే ఇనర్షియా కనీసం 4570 సెంటీమీటర్ల నాలుగో ఘాతం కావాలి. ఎల్.బి. 250కి ఉన్నది 3717.8, ఎం.బి. 225కు ఇంకా తక్కువ, 3441.8. బలం పరీక్షలో నెగ్గిన ఈ రెండూ ఇక్కడ పడిపోయాయి. ఎల్.బి. 275కు 5375.3 ఉంది, అది 15.7 మిల్లీమీటర్లు దిగుతుంది. ఎం.బి. 250కి 5131.6 ఉంది, అది 16.4 దిగుతుంది. రెండూ నెగ్గాయి.

ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు, న్యాయమైన ఆక్షేపణే. 2007 నాటి ఐ.ఎస్. 800లో పగిలే స్వభావమున్న నేలలకు 360వ వంతు హద్దు ఉంది, కాని దానిని లైవ్ లోడ్‌కు మాత్రమే చూస్తారు. లైవ్ లోడ్‌కు మాత్రమే చూస్తే ఎల్.బి. 250 దాదాపు 10.9 మిల్లీమీటర్లే దిగుతుంది, 16.7 హద్దులో సులభంగా నెగ్గుతుంది. అయినా ఈ నేలకు నేను దానిని సిఫారసు చేయను. దుకాణంలో సరుకు బీరువాలు ఎప్పటికీ అక్కడే ఉంటాయి, గోడ పక్కన నేల దిగదు, నడుమన మాత్రం దిగుతుంది, కింది గదిలోకి గర్డర్లు తెరిచే కనబడతాయి. 23 మిల్లీమీటర్లు వంగిన గర్డర్‌ను కింద నిలబడిన వారెవరైనా కంటితో పట్టేస్తారు. పైన నేల తుడిచినప్పుడు నీళ్ళు నడుమకు చేరతాయి. ఈ తరహా కట్టడానికి మొత్తం బరువు మీద 325వ వంతు అన్న పాత అలవాటే నాకు నమ్మకంగా అనిపిస్తుంది. బీమ్‌ను కొసల దగ్గర నిలువుగా కోయాలని చూసే బలం షియర్, దాని విషయం ఒక్క మాటలో సరిపోతుంది. కొసన పడే 30 కిలోన్యూటన్లకు ఎల్.బి. 275 వెబ్‌లో స్ట్రెస్ దాదాపు 17 వస్తుంది, అనుమతి 100 ఉంది.

ఇక 165కు ఉన్న షరతు. బీమ్ పైఫ్లాంజ్ నొక్కుడులో ఉంటుంది, నొక్కుడులో ఉన్న సన్నని పట్టీ పక్కకు తొలగిపోవాలని చూస్తుంది. దానిని అడ్డంగా పట్టి ఉంచితేనే 165 వర్తిస్తుంది. 6 మీటర్ల పొడవునా ఎక్కడా పట్టు లేని ఎల్.బి. 275కు పాత కోడ్ సూత్రం ప్రకారం అనుమతించే స్ట్రెస్ దాదాపు 54కు, అంటే మూడో వంతుకు పడిపోతుంది. అప్పుడు మనం చేసిన ఎంపిక మొత్తం చెల్లదు. ఫ్లాంజ్ మీద నాపబండ కొసలను ఊరికే ఆనించి పెడితే అది పట్టు కాదు, రాపిడి మీద భరోసా పెట్టకూడదు. ఎదురెదురు బండల కొసల మధ్య సందు వదిలి, ఫ్లాంజ్ మీద అక్కడక్కడ చిన్న రాడ్ ముక్కలు వెల్డ్ చేసి, పైన వేసే కాంక్రీటు ఆ సందులోకి దిగి ఫ్లాంజ్‌ను పట్టుకొనేలా చేయాలి. కాంక్రీటు గట్టిపడే వరకు ఆ పట్టు ఉండదు. కాబట్టి అంతవరకు గర్డర్ల కింద ఊతకర్రలు ఉంచడం, బండలను ఒకే వైపు గుట్టగా పేర్చకుండా ఉండడం తప్పనిసరి.

లెక్క ప్రకారం విజేత ఎల్.బి. 275. మీటరుకు 33 కిలోలు, దానిలో స్ట్రెస్ 115 మాత్రమే, అంటే ఇక్కడ సెక్షన్‌ను నిర్ణయించింది కుంగుదలే, బలం కాదు. ఇబ్బంది ఏమిటంటే, ఎల్.బి. వరుస అన్ని దుకాణాలలోనూ నిల్వ ఉండదు, ఎం.బి. తేలికగా దొరుకుతుంది. దొరక్కపోతే ఎం.బి. 250 వేయవచ్చు. మీటరుకు 4.3 కిలోలు ఎక్కువ, ఒక్కో గర్డర్ 6.3 మీటర్లు అనుకుంటే 10 గర్డర్లకు సుమారు 271 కిలోల ఉక్కు అదనం. ఎల్.బి. 275 కోసం దూరం నుండి తెప్పించే లారీ కిరాయి ఆ 271 కిలోల ధరకన్నా మించితే, కడపలో తేలికైన సెక్షన్ చవకైన సెక్షన్ కాదు. ఈ బేరీజు వేయకుండా టేబుల్‌ను మాత్రమే నమ్మడం నాకు నచ్చదు.

ఎం.బి. 250 ఎంచుకున్నవారు ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండాలి. దుకాణంలో "250 గర్డర్" అని మాత్రం అడిగితే ఎల్.బి. 250 కూడా దిగవచ్చు. రెండింటి ఎత్తూ 250 మిల్లీమీటర్లే, ఫ్లాంజ్ వెడల్పూ రెండింటికీ 125 మిల్లీమీటర్లే, టేపుతో కొలిస్తే తేడా తెలియదు. వెర్నియర్ తీసుకొని ఫ్లాంజ్ అంచుకూ వెబ్‌కూ సరిగ్గా మధ్యలో మందం కొలవండి. ఎం.బి.కి దాదాపు 12.5, ఎల్.బి.కి దాదాపు 8.2 మిల్లీమీటర్లు వస్తుంది. ఫ్లాంజ్ లోపలి ముఖం వాలుగా ఉంటుంది కనుక అంచున కొలిస్తే తక్కువగా, వెబ్ దగ్గర కొలిస్తే ఎక్కువగా కనబడుతుంది. వేబ్రిడ్జి చీటీ కూడా ఇదే మాట చెబుతుంది. 63 మీటర్ల ఎం.బి. 250 దాదాపు 2350 కిలోలు తూగాలి. చీటీ మీద 1760 దరిదాపుల్లో ఉంటే లారీ నుండి సరుకు దింపించకండి.