మేడ మీది చువ్వలు పునాదికి హామీ కావు

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, మేస్త్రీ సోదరులకు నమస్కారం.

మన విజయనగరంలో ఏ కాలనీలో చూసినా మేడల మీద పిల్లర్ చువ్వలు పైకి నిలబడి కనిపిస్తాయి. "పైకి వేసుకోవడానికే కదా వదిలాం" అంటారు. చువ్వలు వదలడానికి ఖర్చు కొంచెమే. పునాది పెద్దది వేయడానికి చాలా అవుతుంది. అందుకే చువ్వలున్న ప్రతి ఇంటికీ రెండో అంతస్తును మోసే పునాది ఉందని నేను నమ్మను, మీరూ నమ్మకండి.

ముందుగా తవ్వి చూడాలి. ఎక్కువమంది మూలనున్న పిల్లర్ దగ్గర తవ్విస్తారు, అక్కడ తవ్వడం సులువు కాబట్టి. కానీ మూల పిల్లర్ మీద పడేది తక్కువ బరువు. ఇంటి నడుమనున్న పిల్లర్ నాలుగు వైపుల నుంచీ శ్లాబును మోస్తుంది. హాల్లో టైల్స్ తీయాల్సి వచ్చినా సరే, దాని పక్కనే గుంత తీయండి. పిల్లర్ కింద వేసిన కాంక్రీటు దిమ్మే ఫుటింగ్. దాని అడుగు భాగం వరకే తవ్వాలి, కిందికి దూరకూడదు. ఫుటింగ్ పొడవు, వెడల్పు, మందం, కింద ఉన్న నేల రకం రాసుకోండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. పిల్లర్ల మధ్య దూరం రెండు వైపులా 12 అడుగులు అనుకోండి. అంటే నడుమ పిల్లర్ వంతుకు 144 చదరపు అడుగుల శ్లాబు వస్తుంది. శ్లాబు, బీములు, ఇటుక గోడలు, మనుషులు, సామాను కలిపితే అంతస్తుకు సుమారు 17 టన్నులు. రెండు అంతస్తులకు 34. ఫుటింగ్ సొంత బరువు, దాని మీది మట్టి కలుపుకుంటే 37 వరకు వస్తుంది. నేల చదరపు మీటరుకు 15 టన్నులు మోస్తుందని పరీక్షలో తేలితే, చదరపు అడుగుకు 1.4 టన్నులు. 4 అడుగుల చదరం ఫుటింగ్ మోసేది 22 టన్నులు. ఉన్న ఒక్క అంతస్తుకు అది చాలు, రెండోదానికి చాలదు. 5 అడుగులదైతే 35, అది కూడా కాస్త తక్కువే. ఐదున్నర అడుగులుంటే 42, సరిపోతుంది. నల్లరేగడి అయితే ఈ అంకెలు పట్టుకుని ముందుకు పోకండి, మట్టి పరీక్ష చేయించాల్సిందే.

ఫుటింగ్ చాలకపోతే చుట్టూ కాంక్రీటు పోసేస్తే సరిపోతుందని కొందరి ఆలోచన. పాత ఫుటింగ్ చుట్టూ ఊరికే పోసిన కాంక్రీటు బరువు తీసుకోదు, పక్కన కూర్చుంటుందంతే. పాత ఫుటింగ్ పక్కలను గరుకుగా చెక్కి, చువ్వలు దిగ్గొట్టి అతికించాలి. పిల్లర్ చుట్టూ కూడా నాలుగు వైపులా కనీసం 4 అంగుళాల కాంక్రీటు కొత్త చువ్వలతో, రింగులతో తొడగాలి. ఆ తొడుగు కిందికి దిగి కొత్త ఫుటింగులో కలిసినప్పుడే పైబరువు అందులోకి దిగుతుంది. 9 అంగుళాల పిల్లర్ 17 అంగుళాలవుతుంది, గది ఇరుకవుతుంది. అది తప్పదు. ఒకసారికి ఒక్క పిల్లరే తవ్వాలి.

ఇక పైన కలపడం. మేడ మీద పిల్లర్ లేచేచోట శ్లాబు పైన వేసిన వాటర్‌ప్రూఫ్ మడ్డి, టైల్స్ అలాగే ఉంచి వాటి మీదే పిల్లర్ పోయడం నేను చాలాచోట్ల చూశాను. దానివల్ల కొత్త పిల్లర్ పాతదాని మీద కాక మెత్తని పొర మీద నిలబడుతుంది. ఆ పొర మొత్తం తీసి, కాంక్రీటులో కంకర కనిపించేదాకా చెక్కి, కడిగి, తడిపి, ఆ తర్వాత పోయాలి.

పాత చువ్వను వైర్ బ్రష్‌తో రుద్ది వెర్నియర్‌తో కొలవండి. 12 మిల్లీమీటర్ల చువ్వ తుప్పు రాలి 10కి దిగిందంటే దాని బలం మూడో వంతు పోయినట్టే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది త్వరగా జరుగుతుంది. కొత్త చువ్వ పాతదాని పక్కన మందానికి 50 రెట్లు, అంటే 12 మిల్లీమీటర్ల చువ్వకు 2 అడుగులు కలిసి నడవాలి. మేడ మీద మిగిలింది అడుగే అయితే చాలదు. వంచిన చువ్వను మళ్లీ మళ్లీ సరిచేస్తే విరుగుతుంది.

ఇలా పాత చువ్వ పనికిరానప్పుడు పాత పిల్లర్‌లోకి రంధ్రం వేసి రసాయన గమ్‌తో కొత్త చువ్వ నాటాలి. 12 మిల్లీమీటర్ల చువ్వకు 16 మిల్లీమీటర్ల రంధ్రం. లోతు ఎంతో ఇంజనీరే చెప్పాలి. పని చెడేది దుమ్ముతోనే: ఊదాలి, బ్రష్ వేయాలి, మళ్లీ ఊదాలి. గమ్ అడుగు నుంచి నింపుతూ రావాలి, పైనుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. గట్టిపడ్డాక రెండు మూడు చువ్వలను జాక్‌తో లాగి చూడండి. చువ్వ గమ్‌తో సహా ఊడి, గమ్ పైన తెల్లని దుమ్ము పొర కనిపిస్తే రంధ్రం శుభ్రం చేయలేదన్నమాట. ఆ వరుసంతా మళ్లీ నాటించండి.

ఈ కలపడంలో ఇంత పట్టింపు ఎందుకంటే, బరువు ఒక్కటే అయితే పిల్లర్ నొక్కుకుని నిలబడుతుంది. కానీ 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు మన ఉత్తరాంధ్రను తాకాయి. అలాంటి గాలి పక్కనుంచి నెట్టినప్పుడు పైఅంతస్తు పిల్లర్ వంగబోతుంది, ఆ లాగుడంతా కలిపినచోట చువ్వల మీదే పడుతుంది.

5 అడుగుల ఫుటింగ్ ఉన్నవాళ్లు ఇంటిని చీల్చకుండా ఇంకో దారి చూడవచ్చు. పైన కాంక్రీటు శ్లాబు మానేసి, తేలిక బ్లాకుల సన్న గోడలు, ఇనుప ట్రస్సులపై రేకుల కప్పు వేస్తే కొత్త బరువు 17 టన్నుల నుంచి 5, 6 టన్నులకు దిగవచ్చు. అది 35లో ఇమిడిపోతుంది. అయితే తేలిక కప్పును గాలి పైకి లేపుతుంది. ట్రస్సు కాళ్లను పాత పిల్లర్ తలల్లోకి బోల్టులతో బిగించాలి, గోడ మీద కూర్చోబెట్టి వదిలేయకూడదు. ఎవరింట్లోనైనా గుంత తీసి ఉంటే ఆ కొలతలు తీసుకుని ముందుకు రండి, ఇక్కడే లెక్క వేద్దాం.