కానిస్టేబుల్ వీపు మనవైపు ఉంటే ఆగాలా, వెళ్ళాలా?

ఆఁ, నమస్తే అండి. ఇది కాకినాడ భానుగుడి జంక్షన్ అనుకోండి, నేను బొమ్మ గీశాను, స్క్రీన్ మీద ఉంది. లైట్లు మీకు తెలిసినవే. ఎరుపు, తర్వాత పచ్చ, తర్వాత పసుపు, మళ్ళీ ఎరుపు. పసుపు పడగానే స్పీడు పెంచేవాళ్ళు చాలామంది ఉన్నారు, తప్పండి. పసుపంటే గీత ముందు ఆగమని. అప్పటికే గీత దగ్గరకి వచ్చేసి, బ్రేకు వేస్తే వెనక ఆటో గుద్దేలా ఉంటే మాత్రం వెళ్ళిపోవచ్చు. సరే, ఇది వదిలేద్దాం.

ఇక చేతి సైగలు. నేను బోల్తా పడింది ఇక్కడే. ఈ బొమ్మ చూడండి, కానిస్టేబుల్ మనకి ఎదురుగా నిలబడి కుడి చెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపిస్తే ఆగాలి. ఇది ఎవరికైనా తెలుస్తుంది. ఇప్పుడు ఆయన అటు తిరిగాడు. మనకి వీపు కనిపిస్తోంది. ఎడమ చెయ్యి భుజం ఎత్తులో పక్కకి చాపాడు. ఇదిగో, ఈ చెయ్యి. నేనేమనుకున్నానంటే, ఆ పక్క వాళ్ళని ఆపుతున్నాడని. బండి ముందుకి పోనిచ్చాను. కొబ్బరికాయల లారీ అడ్డంగా వచ్చేసింది, కాలు కింద పెట్టి ఆగేసరికి చెమటలు పట్టాయి. ఆ చాపిన చెయ్యి వెనకున్న మనకే అండి! మళ్ళీ చెప్తున్నా, వీపు కనిపించి ఎడమ చెయ్యి చాచి ఉంటే, మీరు ఆగాలి. కుడి చెయ్యి పైకి, ఎడమ చెయ్యి పక్కకి, రెండూ ఒకేసారి పెడితే ముందువాళ్ళూ వెనకవాళ్ళూ ఇద్దరూ ఆగాలి.

నేను అద్దం ముందు నిలబడి ఈ రెండు సైగలూ నాలుగుసార్లు చేశాను, తర్వాత మర్చిపోలేదు. చార్టు బట్టీ పట్టడం కంటే ఇదే నయం.

ఇంకోటి, లైటు పచ్చగా ఉన్నా కానిస్టేబుల్ ఆపితే ఆగాలి. ఎరుపున్నా ఆయన రమ్మంటే వెళ్ళాలి. లైటు కంటే మనిషి మాటే చెల్లుతుంది.

రాత్రిపూట పసుపు మిణుకు మిణుకుమంటుంది చూడండి, అది రిపేరు కాదు. స్లో చేసి, చూసుకుని వెళ్ళమని. పక్క రోడ్డుకీ అదే మిణుకుతుండొచ్చు, కాబట్టి మనదే దారి అనుకోవద్దు. ఎరుపు మిణుకుతుంటే మాత్రం పూర్తిగా ఆగి, ఖాళీ చూసుకుని కదలాలి.

ఇప్పుడు గాలివానకి కరెంటు పోయింది, లైట్లన్నీ చీకటి, పోలీసు లేడు. గీత దగ్గర దాదాపు ఆగినంత స్లో చేయండి. మీ కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వండి. మీరు చిన్న రోడ్డులోంచి మెయిన్ రోడ్డెక్కుతుంటే, అటూ ఇటూ వచ్చేవాళ్ళు పోయాకే మీరు. బొమ్మలో చూడండి, ఈ ఎర్ర బండి మనం, కుడివైపు ఆటో. ఆటో ముందు. ఆటో పోయింది. ఎడమ పక్క స్కూటీ ఆవిడకి కుడివైపున ఉన్నది మనమే, ఆవిడ ఆగాలి. ఆగినట్టు చూశాకే కదలండి, ఆవిడకి రూలు తెలియకపోవచ్చు కదా.