చెప్పాలా, వదిలేయాలా? ప్రేమ కోసమే చేశామంటున్న టారో డెక్ రివ్యూ

నమస్తే అండి. ఈ డెక్ నాకు ఫ్రీగా పంపించారు, ముందే చెప్పేస్తున్నా. రివ్యూ చేయమన్నారు గానీ ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. పేపర్ మందం, బాక్స్, అంచుల మీద బంగారు రంగు, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. బొమ్మలు బాగున్నాయి. 1909లో వచ్చిన రైడర్ డెక్‌కి పమేలా కోల్‌మన్ స్మిత్ వేసిన బొమ్మలనే పెద్దగా మార్చకుండా కొత్త రంగుల్లో వేశారు.

నా గొడవంతా కింద ఉన్న పట్టీతోనే. ప్రతి కార్డు కిందా ఒక మాట అచ్చేశారు. కొత్తవాళ్లకి సులువని వాళ్ల ఉద్దేశం. అసలు ఇబ్బంది అక్కడే మొదలైంది.

మా ఫ్రెండ్ ఒకమ్మాయి రెండేళ్లుగా తనతో పనిచేసే ఒకతన్ని ఇష్టపడుతోంది. అతనికి తెలీదు. చెప్పాలా, మర్చిపోవాలా అని అడిగింది. "వాడి మనసులో ఏముందో చూడవే" అంది ముందు. ఆ కార్డు నేను తియ్యను. ఇక్కడ కూర్చుని కార్డులు కలిపింది ఆమె, అతను కాదు. అతని మనసు నాకెలా తెలుస్తుంది? ఒకప్పుడు నా సంగతికే ఆ కార్డు తీసుకున్నాను. నచ్చలేదు. ఇద్దరు ఎదురెదురుగా కప్పులు పట్టుకునే టూ ఆఫ్ కప్స్ వచ్చేదాకా కలుపుతూనే కూర్చున్నాను. 78 కార్డులే కదండీ, ఎప్పటికో ఒకప్పటికి వస్తుంది.

అందుకే ఐదు కార్డులే వేశాను. నేనిప్పుడు ఎలా ఉన్నాను, నేను నిజంగా చూసిందేమిటి, చెప్తే నా వైపు ఏం జరుగుతుంది, చెప్పకపోతే ఏం జరుగుతుంది, జవాబు వచ్చాక నేనేం చేస్తాను.

మొదటిది టూ ఆఫ్ స్వోర్డ్స్. కళ్లకు గంతలు, గుండె మీద అడ్డంగా రెండు కత్తులు. ఆ గంతలు ఎవరో బలవంతంగా కట్టినట్టు నాకెప్పుడూ అనిపించదు. రెండోది సెవెన్ ఆఫ్ కప్స్. ఏడు కప్పులూ మబ్బుల్లో తేలుతుంటాయి, ఒకదాంట్లో కోట, ఒకదాంట్లో నగలు, ఇంకోదాంట్లో పాము. "నిజంగా చూసింది" అన్న చోట ఈ కార్డు పడితే నేను లెక్క అడుగుతాను. పోయిన నెలలో అతనంతట అతను ఎన్నిసార్లు మెసేజ్ చేశాడు? ఫోన్ తీసి చూసుకుంది. ఒక్కసారి. అదీ ఫైల్ కోసం. ఆమె పంపిన వాటికి మాత్రం అన్నిటికీ నవ్వు బొమ్మ పెట్టాడు. రెండేళ్లుగా ఆ నవ్వు బొమ్మే మబ్బులో కోట.

చెప్తే అన్న చోట పేజ్ ఆఫ్ కప్స్ వచ్చింది. కుర్రాడి చేతిలోని కప్పులోంచి చేప తల బయటపెట్టి చూస్తుంటుంది. గుర్రమెక్కి కప్పు పట్టుకొచ్చే నైట్ కాదు, పేజ్. అంటే పెద్ద సీన్ వద్దు, రెండు వాక్యాలు చాలు అని నేను చదివాను. చెప్పకపోతే ఫోర్ ఆఫ్ కప్స్. చెట్టు కింద చేతులు కట్టుకుని కూర్చుంటాడు, మబ్బులోంచి ఒక చెయ్యి ఇంకో కప్పు ఇస్తున్నా చూడడు.

ఆఖరిది ఎయిట్ ఆఫ్ కప్స్. ఇక్కడే డెక్ నా కొంప ముంచింది. బొమ్మలో ఎర్ర అంగీ మనిషి, చేతికర్ర, పైన చంద్రుడు. వెనక కప్పుల్లో కింది వరుస నిండుగా ఉంటుంది, పై వరుసలో ఒక్క ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీ ఇక నిండదని తనే తెలుసుకుని, తన కాళ్లతో తను నడిచి వెళ్తున్నాడు. పట్టీ మీదేమో "అబాండన్‌మెంట్" అని ఉంది! నేను నోరు తెరిచేలోపే ఆమె అది చదివేసింది. "అంటే నన్ను వదిలేస్తాడా?" అని ఏడుపు. వదిలి వెళ్లేది నువ్వే తల్లీ, అది నీ కార్డు అని చెప్పడానికి అరగంట పట్టింది. నా పాత డెక్ మూలలు అరిగిపోయాయి గానీ, ఎన్నడూ నా కంటే ముందు మాట్లాడలేదు.

నా రీడింగ్ మాత్రం సూటిగా చెప్పాను. ఒక్కసారి చెప్పు, "కాదనడానికి నీకు ఇబ్బంది ఉండకూడదు" అని కూడా చెప్పు, ఏ జవాబొచ్చినా అదే ప్రశ్నకి మళ్లీ కార్డులు తియ్యకు. చెప్పింది. అతనికి అలాంటి ఉద్దేశం లేదట. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడోరోజు తనే చేసి, పడుకున్నానే, నిద్ర పట్టింది అంది.

కాబట్టి నా మార్కులు పదికి నాలుగు. బొమ్మలకే ఆ నాలుగూ. పోనీ అని కప్స్ కార్డులు 14కీ పట్టీ మీద టేపు అంటించాను. ఇప్పుడు కలుపుతుంటే ఏది కప్స్ కార్డో వేలికే తెలిసిపోతోంది.